దాతల బోర్డులో పేరు మార్చాలంటే

గుడికి కల్యాణ మండపం కట్టడం పూర్తవుతుంది. చందాలిచ్చిన వారి పేర్లతో బోర్డు డిజైన్ తయారై కమిటీ వాట్సాప్ గ్రూపులోకి వస్తుంది. గంట తిరక్కుండానే కరెక్షన్లు మొదలు. "మా ఇంటిపేరులో 'డ' కాదండీ, 'ద'" అని ఒకరు, "నాన్నగారి పేరు ముందు కీ.శే. పెట్టాలి" అని ఇంకొకరు. బొమ్మ మీద వేలితో ఎర్ర గీత గీసి పంపేవారు కొందరు, వాయిస్ మెసేజ్ పెట్టేవారు కొందరు. ఈలోగా కోశాధికారి నేరుగా డిజైనర్‌కే ఫోన్ చేసి రెండు మార్పులు చెప్పేస్తాడు. అవతల డిజైనర్ శుభలేఖల మధ్య, ఓపెనింగ్ ఫ్లెక్సీల మధ్య కూర్చుని విన్నవి విన్నట్టు దిద్దుతాడు. మూడు తప్పులు పోయి రెండు కొత్తవి వస్తాయి.

ఈ పని ఫోన్లో తెమిలేది కాదు. కమిటీలో ఒక్కరే బాధ్యత తీసుకుని, డిజైనర్‌కు ఒకే ఒక్క ఉత్తరం రాయాలి. ఆ ఉత్తరం ఎలా ఉండాలో, అందులో ప్రతి వాక్యం ఎందుకుండాలో చెప్పడానికి నమూనా ఒకటి ఇక్కడ ఇస్తున్నాను. పేర్లు, మొత్తాలు ఉదాహరణకు పెట్టినవి. చిక్కులు మాత్రం ఏ ఊరి కమిటీకైనా ఎదురయ్యేవే.

"శ్రీనివాస్ గారికి నమస్కారం.

మన రామాలయం కల్యాణ మండపం దాతల బోర్డు (8 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు) గురించి రాస్తున్నాను. మీరు శనివారం పంపిన రెండో ప్రూఫ్‌ను రసీదు పుస్తకంతో సరిచూశాం. కమిటీ కూర్చుని ఈ కింది నాలుగు మార్పులు ఖాయం చేసింది. ఇంతకుముందు గ్రూపులో, ఫోన్లో ఎవరు ఏం చెప్పినా పక్కన పెట్టి, ఈ ఉత్తరంలో ఉన్నవే చేయండి. వరస సంఖ్యలన్నీ రెండో ప్రూఫ్ ప్రకారం రాశాను.

ఒకటి. ఎడమ వరసలో పైనుంచి 4వ పేరు.
ఇప్పుడున్నది: శ్రీమతి కొత్తపల్లి రామాదేవి 25,116
ఉండవలసినది: శ్రీమతి కొత్తపల్లి రమాదేవి 25,116

రెండు. మధ్య వరసలో 3వ పేరు.
ఇప్పుడున్నది: శ్రీ గాడె సతీష్కుమార్ 10,116
ఉండవలసినది: శ్రీ గాదె సతీష్ కుమార్ 10,116

మూడు. మధ్య వరసలో 9వ పేరు, శ్రీ బొడ్డు వెంకటేశ్వరరావు 10,116. వీరు మరో 15,000 ఇచ్చారు. పేరులో మార్పు లేదు. మొత్తం 25,116 చేసి, ఎడమ వరసలో 25,116 ఇచ్చిన వారి చివర, అంటే 11వ చోట పెట్టండి. కింది పేర్లు ఒక్కో మెట్టు జరుగుతాయి.

నాలుగు. కుడి వరసలో 6వ పేరు.
ఇప్పుడున్నది: శ్రీ ముత్యాల రామారావు 5,116
ఉండవలసినది: కీ.శే. ముత్యాల సుబ్బారావు, సీతమ్మ గార్ల జ్ఞాపకార్థం, కుమారుడు రామారావు 5,116
ఇది రెండు లైన్లలో వేయండి. అక్షరం సైజు తగ్గించవద్దు, పక్కకు నొక్కవద్దు.

పేర్ల లెక్క 42, అది మారదు. అడుగున ఉన్న మొత్తం 6,29,872 బదులు 6,44,872 కావాలి. మార్పులు మీ దగ్గరున్న అసలు ఫైల్లోనే చేయండి, బొమ్మ మీద అతికించవద్దు. కొత్త ప్రూఫ్‌ను డాక్యుమెంట్‌గా పంపండి. దాని ప్రింటు మీద నేను సంతకం చేసి ఇచ్చాకే ఫ్లెక్సీ వేయించండి."

చూడటానికి చిన్న ఉత్తరమే. ఒక్కో మార్పు వెనక ఏముందో చూద్దాం.

మొదట బొమ్మ సంగతి. మన ఫోన్లోకి వచ్చే డిజైన్ జేపీజీ బొమ్మ. అందులో అక్షరాలు కనిపిస్తాయే గానీ, నిజానికి ఉండవు. ఉన్నవి రంగు చుక్కలు మాత్రమే. 'రామాదేవి'లో దీర్ఘం తీసేయమంటే, ఆ బొమ్మలో తీయడానికి దీర్ఘమనేది విడిగా లేదు. అసలు ఫైలు లేని డిజైనర్ చేసేది ఒకటే. పాత పేరు మీద వెనక రంగుతో ఒక పట్టీ వేసి, దాని మీద కొత్త పేరు టైపు చేస్తాడు. వెనక ఒకే రంగుంటే ఇది కొంతవరకు నడుస్తుంది. కానీ గుడి బోర్డుల వెనక సాధారణంగా పసుపు నుంచి కాషాయంలోకి జారే రంగుంటుంది, లేదా గోపురం బొమ్మ లీలగా ఉంటుంది. ఫోన్లో కనిపించని పట్టీ ఎనిమిది అడుగుల ఫ్లెక్సీ మీద స్పష్టంగా తేలుతుంది. నలభై రెండు పేర్లలో ఒక్క పేరు వెనక మాత్రం చతురస్రంగా వేరే ఛాయ! చూసినవాళ్లంతా అక్కడ ముందు ఎవరి పేరుండేదో అడుగుతారు. పేరు సరిచేయించుకున్న దాతకు అంతకన్నా ఇబ్బంది ఏముంటుంది?

కాబట్టి అసలు ఫైలు ఎవరి దగ్గరుందో తెలుసుకోవాలి. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ప్రింటింగ్ ప్రెస్‌కు పంపేటప్పుడు అక్కడి కంప్యూటర్‌లో అదే ఫాంటు ఉండకపోవచ్చని డిజైనర్లు అక్షరాలను 'కర్వ్స్'గా మార్చి పంపుతారు. అలా మార్చాక ప్రతి అక్షరం ఒక గీతల బొమ్మ అయిపోతుంది, మళ్లీ టైపు చేసి దిద్దడం కుదరదు. కర్వ్స్ చేయకముందు ఫైలును విడిగా దాచమని మొదటి రోజే అడగాలి. అడ్వాన్సు ఇచ్చేటప్పుడు అడిగితే ఎవరూ కాదనరు. ఆ ఫైలు పోయిందని తేలితే అతుకులు వేయించే బదులు పేర్లున్న భాగమంతా కొత్తగా టైపు చేయించడమే మేలు. అప్పుడు మాత్రం మారిన పేర్లే కాదు, మారని ముప్పై ఎనిమిది కూడా మళ్లీ చదవాలి. నిన్న తప్పు లేకుండా ఉన్న పేరులోనే ఇవాళ తప్పు దొర్లుతుంది, మనం దాని వైపు చూడం.

రెండో మార్పులోని 'సతీష్కుమార్' తప్పు దాత వల్లా రాలేదు, కమిటీ వల్లా రాలేదు. అది తెలుగు టైపింగ్ తెచ్చిన చిక్కు. మనం ఫోన్లో కొట్టే తెలుగు యూనికోడ్. మన డీటీపీ సెంటర్లలో చాలా చోట్ల ఇప్పటికీ అను ఫాంట్లతోనే పని జరుగుతుంది, దాని అక్షరాల లెక్క వేరు. వాట్సాప్‌లో వచ్చిన పేరును కాపీ చేసి అక్కడ పెడితే డబ్బాలో, ప్రశ్నార్థకాలో వస్తాయి. అందుకే డిజైనర్ కన్వర్టర్‌తో మారుస్తాడు, లేదా చూసి మళ్లీ టైపు చేస్తాడు. యూనికోడ్‌లో 'ష్' పక్కనే 'కు' వస్తే రెండూ కలిసిపోయి 'ష్కు' అవుతాయి. వాటిని విడదీయడానికి మధ్యలో కంటికి కనిపించని గుర్తు ఒకటి పెట్టాలి. ఫైళ్ల మధ్య మారేటప్పుడు ఆ గుర్తు జారిపోతుంది. ఉత్తరంలో 'సతీష్ కుమార్' అని మధ్యలో ఖాళీ వదిలి రాసింది అందుకే. రాజ్‌కుమార్, శ్రీకాంత్‌బాబు, నవీన్‌రెడ్డి లాంటి పేర్లన్నిటికీ ఇదే తంటా.

ఫోటోషాప్‌లో నేరుగా యూనికోడ్ పెట్టేవారికి మరో ఇబ్బంది. దాని పాత వెర్షన్లలో టైపు సెట్టింగ్స్‌లో దక్షిణాసియా భాషలకు విడిగా ఉన్న ఎంపికను పెట్టుకోకపోతే వత్తులు విడిపోతాయి. 'ప్రసాద్' కాస్తా 'ప్‌రసాద్' అయి కూర్చుంటుంది. ప్రూఫ్ చేతికి రాగానే ముందు వత్తులున్న పేర్లు చూడండి. సుబ్బారావు, కృష్ణమూర్తి, లక్ష్మి, వెంకటేశ్వర్లు. ఈ నాలుగూ సవ్యంగా ఉంటే ఫాంటు సవ్యంగా ఉన్నట్టే.

మరి 'రామాదేవి', 'గాడె' ఎలా వచ్చాయి? బ్యాంకు స్టేట్‌మెంట్ నుంచి. ఈ రోజుల్లో చందాలో పెద్ద భాగం ఫోన్‌పే, గూగుల్‌పేల మీదే వస్తుంది. హైదరాబాదులో, అమెరికాలో ఉన్న ఊరివాళ్లంతా అలాగే పంపుతారు. పేరు ఇంగ్లిషు అక్షరాల్లో వస్తుంది. 'రమాదేవి' అన్నా 'రామాదేవి' అన్నా ఇంగ్లిషులో ఒకేలా రాస్తారు. 'గాదె', 'గాడె' రెండిటికీ అక్కడ ఒకే నాలుగక్షరాలు. ఇంగ్లిషు రాతలో దీర్ఘం తెలియదు, 'ద'కూ 'డ'కూ, 'ల'కూ 'ళ'కూ, 'న'కూ 'ణ'కూ తేడా తెలియదు. డిజైనర్ ఊహించి వేస్తాడు. ఊరివాడైతే ఊహ సరిపోతుంది, పక్క టౌనువాడైతే సరిపోదు. ఇంటిపేరులో ఒక్క అక్షరం మారితే అది వేరే కుటుంబం అవుతుంది. నా అభిప్రాయం అడిగితే, పేరు విషయంలో దాత సొంత చేతిరాతే ప్రమాణం. చందా అందగానే "బోర్డు మీద మీ పేరు ఎలా ఉండాలో తెలుగులో కాగితం మీద రాసి ఫోటో పంపండి" అని ఒక్క మాట అడిగి ఉంచుకుంటే, ఉత్తరంలో సగం మార్పులు అవసరమే పడవు. తెలుగు రాయడం రాని పిల్లలు పంపిన చందా అయితే ఊళ్లో ఉన్న పెద్దవాళ్లను అడగాలి.

మూడో మార్పు చూడటానికి అన్నిటికన్నా తేలిక, చేయడానికి అన్నిటికన్నా ప్రమాదం. ఒక్క అంకె మారింది, అంతే కదా అనిపిస్తుంది. కానీ బోర్డులో పేర్లు మొత్తాల వారీగా పెద్ద నుంచి చిన్నకు ఉన్నాయి. వెంకటేశ్వరరావు గారు మధ్య వరస 9వ చోటు నుంచి ఎడమ వరస 11వ చోటుకు వెళ్తే, ఎడమ వరసలో ఆ కింద ఉన్న నలుగురూ జరగాలి. వారిలో చివరివారు మధ్య వరస తలకు వస్తారు. మధ్య వరసలో మొదటి ఎనిమిది మందీ ఒక్కో మెట్టు దిగుతారు. ఒక్కరి కోసం పన్నెండు మంది కదిలారన్నమాట. రెండో మార్పులో చెప్పిన 'మధ్య వరస 3వ పేరు' ఇప్పుడు 4వ పేరైపోతుంది. డిజైనర్ మూడో మార్పు ముందు చేసి రెండోది తర్వాత చేస్తే తప్పు మనిషి పేరు దిద్దుతాడు. "వరస సంఖ్యలన్నీ రెండో ప్రూఫ్ ప్రకారం" అన్న వాక్యం, ప్రతి మార్పుకీ పాత లైను పూర్తిగా రాయడం, రెండూ దీనికోసమే.

ఇలాంటి జరుగుడులో ఒక పేరు రెండుసార్లు పడటం, ఇంకో పేరు మాయమవడం మామూలు. పట్టుకోవడానికి సులువైన లెక్క ఒకటుంది. మన చందాలన్నీ 116తో ముగుస్తాయి కదా. 42 పేర్లను 116తో గుణిస్తే 4,872. కొత్త మొత్తం 6,44,872 నుంచి అది తీసేస్తే సరిగ్గా 6,40,000 మిగలాలి. ప్రూఫ్ మీద కనిపిస్తున్న మొత్తాలను ఒక్కొక్కటిగా మీరే కూడి, వచ్చినదానికి ఈ లెక్క వేయండి. వేలల్లో కాకుండా చిల్లర తేలిందంటే ఒక పేరు తగ్గింది, లేదా ఎక్కువైంది, లేదా ఏదో మొత్తంలో అంకె మారింది. 10,116ను 10,016గా కొట్టినా ఇక్కడ బయటపడుతుంది. పేర్లు అటూ ఇటూ తారుమారైతే మాత్రం ఈ లెక్కకు అందదు, దానికి రసీదు పుస్తకమే దిక్కు.

నాలుగో మార్పు మనసుకు సంబంధించినది. రామారావు గారు తన పేరు బదులు తల్లిదండ్రుల పేరు వేయమన్నారు. ఇలా అడిగేవారు ఎక్కువే, అడగడం న్యాయం కూడా. చిక్కల్లా పొడవుతో. ఎనిమిది అడుగులంటే 96 అంగుళాలు. మూడు వరసలు చేసి అంచులు వదిలితే ఒక్కో వరసకు 30 అంగుళాలు దక్కుతుంది. పైన దేవుడి బొమ్మకూ గుడి పేరుకూ, అడుగున మొత్తానికీ చోటు పోగా పద్నాలుగు లైన్లకు దాదాపు 33 అంగుళాల ఎత్తు మిగులుతుంది. అంటే లైనుకు రెండుంబావు అంగుళాల పైచిలుకు, అందులో అక్షరం ఎత్తు అంగుళంబావు. ఆ సైజులో మొత్తంతో కలిపి ఇరవై అక్షరాల దాకా హాయిగా పడతాయి. 'శ్రీ ముత్యాల రామారావు 5,116' సులువుగా సరిపోయింది. కొత్త లైనులో దానికి రెట్టింపు కన్నా ఎక్కువ అక్షరాలున్నాయి. ఏమీ చెప్పకపోతే డిజైనర్ దాన్ని అడ్డంగా నొక్కి ఒకే లైనులో ఇరికిస్తాడు. అక్షరాలు సన్నబడి, వత్తులు ఒకదాని మీద ఒకటి పడి, అందరి పేర్ల మధ్య ఆ తల్లిదండ్రుల పేరు మాత్రమే చదవలేని విధంగా తయారవుతుంది. రెండు లైన్లు వేస్తే కుడి వరసలో పదిహేను లైన్లవుతాయి. అప్పుడు ఆ వరస మొత్తంలో లైన్ల మధ్య ఖాళీ కాస్త తగ్గించుకోవాలి. అక్షరం సైజు మాత్రం ముట్టుకోకూడదు.

ఇక్కడ దాతలకూ ఒక మాట. బోర్డు మీద పేరు మారినంత మాత్రాన రసీదు మారదు. చందాలకు ఆదాయపు పన్ను మినహాయింపు ఉన్న ఆలయమైతే రసీదు, ధ్రువపత్రం డబ్బు కట్టినవారి పేరు మీదే ఉండాలి. బోర్డు మీద నాన్నగారి పేరు, రసీదు మీద కొడుకు పేరు ఉండటంలో తప్పేమీ లేదు. డిజైనర్‌కు ఉత్తరం రాసేటప్పుడు ఆ రసీదుల ఫోటోలు మాత్రం జత చేయకండి. వాటి మీద ఫోన్ నంబర్లు, పాన్ నంబర్లు ఉంటాయి. బోర్డు వేసేవారికి పేరూ మొత్తమూ చాలు.

పేరు పూర్తిగా తీసేయవలసి వస్తే? ఇస్తానని చెప్పి ఇవ్వనివారి పేరు ముందే డిజైన్‌లోకి ఎక్కించడం వల్ల ఈ గొడవ వస్తుంది. చేతికందిన చందాకే బోర్డులో చోటు అన్న నియమం మొదటే పెట్టుకుంటే దీని అవసరం రాదు. వచ్చినా, ఒక్కరి ఫోన్ మీద తీయకూడదు. కమిటీ తీర్మానం పుస్తకంలో రాసి, ఆ మనిషికి ముందు చెప్పి, తర్వాతే డిజైనర్‌కు రాయాలి. పూర్వులు ఈ విషయంలో చాలా జాగ్రత్తపడ్డారు. ద్రాక్షారామం భీమేశ్వరాలయం గోడల మీద, స్తంభాల మీద ఉన్న శాసనాల్లో అఖండ దీపానికి దానమిచ్చిన వారి పేరు ఒక్కటే ఉండదు. ఇచ్చిన గొర్రెల లెక్క, వాటిని పోషిస్తూ దీపానికి నెయ్యి పోయవలసిన బోయ పేరు కూడా చెక్కారు. ఎవరు ఇచ్చారు, ఏమిచ్చారు, ఎవరికి అప్పగించారు అన్న మూడూ తేలాకే రాయి మీద ఉలి పడింది. గ్రానైటు ఫలకం చెక్కించే ఆలోచనున్న కమిటీలు ముందు ఫ్లెక్సీ వేసి ఉత్సవం దాటేదాకా ఉంచడం మంచిది. ఫ్లెక్సీలో తప్పు తేలితే మళ్లీ వేయించవచ్చు, రాయిలో తేలితే పలక మొత్తం మార్చాలి.

ప్రూఫ్ డాక్యుమెంట్‌గా పంపమనడానికీ కారణముంది. ఫ్లెక్సీకి అంగుళానికి 72 చుక్కల లెక్కన చేసినా ఎనిమిది అడుగుల బోర్డు వెడల్పు 6,912 చుక్కలు. దాన్నే వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే సుమారు 1,600 చుక్కలకు కుదించుకుపోతుంది. అంటే బోర్డు మీద అంగుళానికి పదహారో పదిహేడో చుక్కలు. అంగుళంబావు అక్షరానికి ఇరవై చుక్కల ఎత్తు దక్కుతుంది, దాని కింద వత్తుకు అయిదారు. అన్ని చుక్కల్లో 'ద' ఏదో 'డ' ఏదో, పొట్టలో చుక్క ఉందో లేదో ఎవరి కంటికీ ఆనదు. తప్పున్నా తప్పు లేదనుకుని సరే అంటాం. కొన్ని చోట్ల గ్రూపులో తిరిగిన ఆ ఫోటోనే తీసుకెళ్లి ఫ్లెక్సీ వేయించేస్తారు. అక్షరాల అంచులు నూనె కాగితం మీద సిరాలా మసకబారి వస్తాయి. డాక్యుమెంట్‌గా వచ్చిన ఫైలుకు ఈ కుదింపు ఉండదు.

కొత్త ప్రూఫ్ వచ్చాక దాన్ని ఒక్కరే చూస్తే చాలదు. ఒకరు రసీదు పుస్తకం పట్టుకుని పేరు పైకి చదవాలి, ఇంకొకరు ప్రూఫ్ మీద అక్షరం అక్షరం చూస్తూ పెన్సిలుతో టిక్కు పెట్టాలి. తన ఇంటివాళ్ల పేర్లను తాను చూడకుండా మరొకరికి ఇవ్వాలి, తెలిసిన పేరును కన్ను చదవకుండానే దాటిపోతుంది. సంతకం మాత్రం ఉత్తరం రాసినవారే చేయాలి.

ఆ సంతకానికి ముందు ఇంకొక్క పని చేయండి. ప్రూఫ్‌ను ఏ3 కాగితం మీద ప్రింటు తీయించి, గుడి నోటీసు బోర్డుకు రెండు రోజులు అంటించండి. పక్కన ఒక పెన్ను కట్టి, తప్పులుంటే కాగితం అంచున రాయమనండి. దూరాన ఉన్నవారికి వారి పేరున్న లైను వరకే పంపి అడగండి. ప్రింటుకు వెళ్లకముందు దాత స్వయంగా తన పేరు చూసుకున్న బోర్డు మీద తర్వాత తగాదా రాదు.